స్కూటర్ కిలోమీటరు ఖర్చు డైరీ: తాడిగడప నుంచి గవర్నరుపేట, 2025

బండి 110 సీసీ స్కూటర్, 2022 ఆగస్టులో కొన్నది. తిరిగే దారి ముఖ్యంగా ఒకటే. తాడిగడప వంద అడుగుల రోడ్డు పక్కనున్న మా ఇంటి నుంచి బందరు రోడ్డు ఎక్కి, కానూరు, పటమట, బెంజ్ సర్కిల్ దాటి విజయవాడ గవర్నరుపేటలో ఆఫీసు దాకా. 2025 జనవరి నుంచి డిసెంబరు వరకు ఈ బండి మీద పెట్టిన ఖర్చంతా రాసి, బస్సు, ఆటో చార్జీలతో పోల్చాను. ఎవరి బండికి వాళ్లు ఈ లెక్క వేసుకోగలిగేలా, ఎక్కడ తేడా కొట్టిందో, ఏం మార్చానో కూడా రాస్తున్నాను.

ఈ లెక్కలో రెండు అంకెలు వేరువేరుగా రావాలి. బండి తిరిగితేనే అయ్యే ఖర్చు ఒకటి: పెట్రోలు, ఆయిలు, టైర్లు. ఇంటి ముందు ఊరికే నిలబెట్టినా అయ్యే ఖర్చు ఇంకొకటి: ఇన్సూరెన్స్, బండి ధరలో తరుగు. ఈరోజు బండి తీయాలా, బస్సెక్కాలా అన్నదానికి మొదటి అంకె చాలు. అసలు బండి ఉంచుకోవాలా, అమ్మేయాలా అన్నదానికి రెండూ కావాలి. అందుకే నోట్‌బుక్కులో మొదటి నుంచీ రెండు పేజీలు పెట్టాను: "తిరుగుడు ఖర్చు", "ఏటా ఖర్చు".

## దశ 1: పెట్రోలు స్లిప్పులు

మొదటి నెల స్లిప్పులన్నీ సీటు కింద డిక్కీలో పెట్టాను. ఫిబ్రవరి చివరకు తీసి చూస్తే సగం స్లిప్పులు నల్లబడిపోయాయి. బంకులో ఇచ్చేది వేడికి నల్లబడే కాగితం. అక్షరాలు పడేది కూడా ఆ వేడితోనే. స్కూటర్‌లో డిక్కీ కింద ఇంజను ఉంటుంది, పైన ఎండ. స్లిప్పు అంచులు బూడిద రంగుకు తిరిగి, మధ్యలో రేటు ఒక్కటే మిగిలింది, లీటర్లు కనబడలేదు. పర్సులో పెట్టినవి ఇందుకు వ్యతిరేకంగా అక్షరాలు వెలిసిపోయి తెల్లబడ్డాయి. అప్పటి నుంచి బంకు దగ్గరే మీటరు రీడింగు పక్కన స్లిప్పు పట్టుకుని ఒకే ఫొటో తీస్తున్నాను. రీడింగు, లీటర్లు, రూపాయలు, తేదీ అన్నీ ఒక్క బొమ్మలో ఉంటాయి. విడివిడిగా తీస్తే ఏ స్లిప్పుకు ఏ రీడింగో రాత్రికి గుర్తుండదు.

రెండో ఇబ్బంది కొలతది. రెండు వందలకు కొట్టించి, మళ్లీ రిజర్వు వచ్చేదాకా ఎంత తిరిగిందో చూస్తే మైలేజి ఒకసారి 36, ఒకసారి 58 వచ్చింది. రెండు వందలకు వచ్చేది రెండు లీటర్లు కూడా కాదు. ముల్లు ఎక్కడ ఉన్నప్పుడు "అయిపోయింది" అనుకున్నామన్నది కంటి అంచనా. ఆ అంచనాలో అర లీటరు తేడా ఉన్నా లెక్క మొత్తం తారుమారవుతుంది. కాబట్టి ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకు పద్ధతికి మారాను.

1. బండి సెంటర్ స్టాండు వేసి నిలబెట్టాలి. సైడు స్టాండు మీద వాలితే ట్యాంకులో మట్టం మారుతుంది.
2. నాజిల్ మొదటిసారి తనంతట తాను ఆగినచోట ఆపేయాలి.
3. "రౌండ్ చేసేయమంటారా సార్?" అంటే వద్దనాలి. ఆ పది, పదిహేను రూపాయల పెట్రోలు మూత దాకా వెళ్తుంది, వచ్చేసారి అదే ఎత్తు దొరకదు.
4. వీలైనంతవరకు అదే బంకుకు వెళ్లాలి.
5. మొదటి ఫుల్ ట్యాంకు లీటర్లు లెక్కలోకి రావు, దాని రీడింగు మాత్రమే వస్తుంది. అక్కడ నుంచి తిరిగిన దూరానికి సరిపడేది తర్వాత పోసిన లీటర్లు.

ఈ పద్ధతిలోనూ ఒక్కో ట్యాంకుకు రెండు, మూడు శాతం అటూఇటూ వస్తుంది. టెన్షన్ పడాల్సిన పని లేదు. ఈసారి కాస్త ఎక్కువ పడితే వచ్చేసారి అంత తక్కువ పడుతుంది కాబట్టి ఏడాది మొత్తం మీద తేడా కలిసిపోతుంది. ఒక ట్యాంకు మైలేజిని పట్టుకుని బండి బాగుందనో, పాడైందనో నిర్ణయించకూడదు. వరసగా మూడు ట్యాంకులు ఒకే వైపు పోతే మాత్రం పట్టించుకోవాలి.

జూన్‌లో అలాగే జరిగింది. 43 దగ్గర ఉండే మైలేజి వరసగా పడిపోయి 38కి వచ్చింది. టైర్లలో గాలి సరిగ్గానే ఉంది. ఆటోనగర్‌లో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఇంజను ముట్టుకోలేదు. సెంటర్ స్టాండు వేసి వెనక చక్రాన్ని చేత్తో తిప్పాడు. సగం చుట్టు తిరిగి ఆగిపోయింది, లోపల సన్నగా గీసుకుంటున్న చప్పుడు. "పెట్రోలు ఇంజను తాగట్లేదు సార్, బ్రేకు తాగుతోంది" అన్నాడు. అంతకుముందు సర్వీసింగ్‌లో వెనక బ్రేకు మరీ బిగించేశారు. బ్రేకు తీగ చివర నట్టు రెండు చుట్లు వదులు చేసి, లీవరు నొక్కితే మొదట వేలు మందం ఖాళీగా కదిలేలా పెట్టాడు. తర్వాతి ట్యాంకుకు మైలేజి మళ్లీ 43 దాటింది. 38 దగ్గర పెట్రోలు కిలోమీటరుకు 2.88 రూపాయలు, 43.3 దగ్గర 2.53. అంటే ఆ నట్టు ఖరీదు కిలోమీటరుకు 35 పైసలు. ఏ నెలకు ఆ నెల లెక్క వేసుకోకపోతే ఇది డిసెంబరు దాకా తెలిసేది కాదు.

## దశ 2: మీటరు ఎంత ఎక్కువ చూపిస్తోంది

మైలేజి లెక్కలో లీటర్లు నమ్మదగినవే. కిలోమీటర్లనే పరీక్షించాలి. బండి మీటరు సాధారణంగా అసలు దూరం కంటే కాస్త ఎక్కువ చూపిస్తుంది. టైరు అరిగే కొద్దీ చక్రం చుట్టుకొలత తగ్గి, అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువ చూపిస్తుంది.

ఒక ఆదివారం పొద్దున్నే హైవే మీద నిడమానూరు దాటాక ఒక కిలోమీటరు రాయి దగ్గర ఆగి రీడింగు రాసుకున్నాను. గన్నవరం మీదుగా హనుమాన్ జంక్షన్ వైపు సరిగ్గా 20 రాళ్లు వెళ్లి, వెనక్కి అదే రాయి దగ్గరికి వచ్చాను. రాళ్ల లెక్క 40 కి.మీ., మీటరు లెక్క 41.2. అంటే మూడు శాతం ఎక్కువ. ఇక నుంచి రీడింగుల తేడాను 1.03తో భాగించాలి. ఊళ్లో, ఫ్లైఓవర్ల దగ్గర ఈ పరీక్ష చేయొద్దు, రాళ్లు వరసగా దొరకవు. ఐదారు కిలోమీటర్లకే ఆపేసినా లాభం లేదు, చివరి అంకె చదవడంలో తేడాయే ఒకటి రెండు శాతం అవుతుంది.

మూడు శాతమే కదా అని వదిలేయలేదు. దానికి కారణం ఉంది. బస్సు, ఆటో చార్జీలు పోల్చేది అసలు దూరంతో. బండికి మాత్రం మీటరు దూరం తీసుకుంటే బండి చవకగా కనిపిస్తుంది.

షీటులో నిలువు వరసలు ఇలా పెట్టాను: A తేదీ, B రీడింగు, C లీటర్లు, D రూపాయలు. రెండో అడ్డ వరస మొదటి ఫుల్ ట్యాంకు. కింది ఫార్ములాల్లో మొదటిది అసలు మైలేజి, రెండోది కిలోమీటరుకు పెట్రోలు ఖర్చు. 10 బదులు మీ చివరి వరస సంఖ్య పెట్టుకోండి.

```
=((B10-B2)/1.03)/SUM(C3:C10)
=SUM(D3:D10)/((B10-B2)/1.03)
```

ఏడాది ఫలితం: రీడింగు 19,400 నుంచి 27,210 దాకా, తేడా 7,810. అసలు దూరం 7,580 కి.మీ. పోసింది 175 లీటర్లు. లీటరు రేటు 109, 110 రూపాయల మధ్యే ఉంది, మొత్తం రూ. 19,180.

ఇప్పటిదాకా తిరుగుడు ఖర్చు: కి.మీ.కు రూ. 2.53

## దశ 3: సర్వీసింగ్ బిల్లులను ఎలా పంచాలి

పెట్రోలులా దీన్ని ఏడాది మొత్తం కూడి కిలోమీటర్లతో భాగిస్తే తప్పు అంకె వస్తుంది. 2025లో నాకు రెండు పెద్ద ఖర్చులు పడ్డాయి: 24,000 దగ్గర బెల్టు, రోలర్లు, తర్వాత ముందు టైరు. ఇవి రెండూ బండి కొన్నప్పటి నుంచి అరుగుతూ వచ్చినవి, వాటి భారం మొత్తం ఈ ఏడాది మీద వేయకూడదు. ఇంకోపక్క వెనక టైరు 2024 చివర్లో మార్చాను. ఈ ఏడాది బిల్లుల్లో అది లేదు, కానీ రోజూ అరుగుతూనే ఉంది.

అందుకని అరిగే ప్రతి వస్తువుకూ దాని ధరను అది ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో దానితో భాగించాను.

- వెనక టైరు: 1,600 రూపాయలు, 18,000 కి.మీ. వచ్చింది, అంటే 9 పైసలు
- ముందు టైరు: 1,500 రూపాయలు, 25,000 కి.మీ., 6 పైసలు
- బెల్టు, రోలర్లు, కూలీ: 1,800 రూపాయలు, 24,000 కి.మీ., ఏడున్నర పైసలు
- రెండు బ్రేకు షూలు: 700 రూపాయలు, 14,000 కి.మీ., 5 పైసలు

మిగిలినవి ఏ ఏడాదికి ఆ ఏడాది అయిపోయేవే. రెండు సర్వీసింగ్‌లకు ఆయిలు, ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గు, కూలీ కలిపి 3,100. పంక్చర్లు, ఒక బల్బు, ఒక అద్దం కలిపి 530. వీటిని 7,580తో భాగిస్తే 41 పైసలు, 7 పైసలు.

బెల్టు సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే స్కూటర్ ఉన్న చాలామంది దాన్ని తెగేదాకా లెక్కలోకే తీసుకోరు. మోటార్‌సైకిల్ గొలుసులా అది బయటికి కనబడదు, ఎడమవైపు కవరు లోపల ఉంటుంది. అరుగుతున్నప్పుడు తెలిసే గుర్తులు మూడు: సిగ్నల్ దగ్గర బయల్దేరేటప్పుడు వణుకు, రేజ్ ఇచ్చినా చప్పుడు పెరిగినంతగా బండి ముందుకు పోకపోవడం, మైలేజి నెమ్మదిగా తగ్గడం. నాకు మొదటిది బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర తెలిసింది. కవరు తీయించి చూస్తే బెల్టు లోపలి పళ్ల మధ్య సన్నని పగుళ్లు, రోలర్లు ఒకవైపు చదునుగా అరిగి ఉన్నాయి. రోలర్లు మార్చకుండా బెల్టు ఒక్కటే మారిస్తే వణుకు పోదు, కవరు విప్పిన కూలీ మళ్లీ పడుతుంది. రెండూ ఒకేసారి మార్పించాను.

సర్వీసింగ్ బిల్లులో "క్లీనింగ్", "ట్రీట్‌మెంట్" లాంటి పేర్లతో వచ్చే వరసలను చదివి, మాన్యువల్‌లో లేనివి ముందే వద్దని చెప్తున్నాను. నా రెండో బిల్లులో అలాంటివి తీసేయిస్తే 400 దాకా తగ్గింది. పైన రాసినవన్నీ తీసేశాక కట్టిన మొత్తాలే.

ఈ దశ మొత్తం: 75 పైసలు.

ఇప్పటిదాకా తిరుగుడు ఖర్చు: కి.మీ.కు రూ. 3.28

తిరిగితే అయ్యే ఖర్చు ఇంతటితో అయిపోయింది. ఇక బండి కదలకపోయినా అయ్యేవి.

## దశ 4: ఇన్సూరెన్స్

కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ ఒకేసారి కట్టాలన్న నియమం 2018 సెప్టెంబరు నుంచి ఉంది. 75 నుంచి 150 సీసీ బండికి 2022 జూన్ నుంచి ఆ ఐదేళ్ల ప్రీమియం 3,851 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీతో 4,544. ఇది షోరూం బిల్లులో కలిసిపోయి ఉంటుంది, అందుకే చాలామంది లెక్కల్లో ఉండదు. ఐదుతో భాగిస్తే ఏడాదికి 909.

సొంత బండి నష్టానికి కట్టే పాలసీ ఏటా వేరే. ఆగస్టులో రెన్యువల్‌కు 1,121 అయింది. బండి పాతబడింది కదా, దీన్ని వదిలేద్దామా అని ఆలోచించాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్ నగర్‌ను ముంచెత్తినప్పుడు మా బావమరిది బండి హ్యాండిల్ దాకా నీళ్లలో ఉంది. తనకు థర్డ్ పార్టీ ఒక్కటే ఉంది. అది మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికే, మన బండి మునిగితే ఒక్క రూపాయి రాదు. ఇంజను విప్పి, వైరింగు మార్చి, తొమ్మిది వేలు చేతి నుంచి పెట్టుకున్నాడు. అది చూశాక 1,121 కట్టడమే మంచిదనిపించింది. మునిగిన బండిని బయటికి తీయగానే సెల్ఫ్ కొట్టి చూడకూడదన్నది కూడా అప్పుడే తెలిసింది. ఇంజనులో నీళ్లుండగా తిప్పితే జరిగే నష్టాన్ని మామూలు పాలసీలో ఒప్పుకోకపోవచ్చు. దానికి ఇంజను రక్షణ పేరుతో అదనపు కవరు వేరే ఉంటుంది.

ఇప్పటిదాకా ఏటా ఖర్చు: రూ. 2,030

## దశ 5: తరుగు

లెక్కలో పెట్రోలు తర్వాత పెద్ద అంకె ఇదే. స్లిప్పు రాదు కాబట్టి రాసుకోం.

1. ఆన్‌రోడ్ ధర 92,000. ఇందులో ఇన్సూరెన్స్ వాటా 6,000 తీసేయాలి. అది పై దశలో వచ్చేసింది, రెండుసార్లు పడకూడదు. మిగిలింది 86,000.
2. ఎన్నేళ్లు ఉంచుకుంటామో రాసుకోవాలి. నాకు ఎనిమిదేళ్లు.
3. అంత పాత బండి ఈరోజు ఎంతకు పోతోందో కనుక్కోవాలి. నాలాంటి బండికే 22,000 అన్నారు.
4. తేడా 64,000. ఎనిమిదితో భాగిస్తే ఏడాదికి 8,000.

మొదట దీన్ని ఇంకోలా చేద్దామనుకున్నాను: జనవరిలో బండికి ఎంత ఇస్తామంటారో, డిసెంబరులో ఎంత ఇస్తామంటారో అడిగి తేడా తీసుకోవడం. జనవరిలో 57,000 అన్నారు, డిసెంబరులో 46,000. ఏడాదిలో 11,000 పోయినట్టు. దానికి కారణం బండి అరగడం ఒక్కటే కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 128 రూపాయల బండి 118కి వచ్చిందంటే కొత్తదాని ధర సుమారు 7.8 శాతం తగ్గినట్టు. కొత్తది తగ్గితే పాతదాన్ని పాత ధరకు ఎవరూ అడగరు. ఒక ఏడాదిలో ఇలాంటి మార్పు వస్తే ఆ ఏడాది అంకె అంతా దాని నీడలోనే ఉంటుంది. అందుకే ఎనిమిదేళ్ల సగటుకు వెళ్లాను.

పాలసీ కాగితంలో బీమా కంపెనీ బండికి కట్టే విలువను, అంటే ఐడీవీని, అమ్మకం ధర అనుకుని తరుగు లెక్కేసినవాళ్లను చూశాను. అది వయసును బట్టి పెట్టిన శాతాలతో వస్తుంది. మూడేళ్లు దాటి నాలుగేళ్లలోపు బండికి 40 శాతం కోత. బండి ఎలా ఉందన్నది అందులో లేదు. నేను రొక్కం కట్టి కొన్నాను. ఫైనాన్స్‌లో కొన్నవాళ్లు కట్టిన వడ్డీని కూడా ఇక్కడే ఏళ్లతో భాగించి కలపాలి.

మిగతావి త్వరగా: బ్యాటరీ 1,600, నాలుగేళ్లకు ఒకటి, ఏటా 400. రెండు హెల్మెట్లు, రెయిన్‌కోటు, పొల్యూషన్ సర్టిఫికెట్ కలిపి ఏటా 870. బీసెంట్ రోడ్డు వైపు, స్టేషన్ దగ్గర కట్టిన పార్కింగ్ 1,200.

ఏటా ఖర్చు మొత్తం: రూ. 12,500, అంటే ఈ ఏడాది తిరిగిన దూరానికి కి.మీ.కు రూ. 1.65

రెండూ కలిపి: కి.మీ.కు రూ. 4.93, ఏడాదికి రూ. 37,360

## దశ 6: బస్సు, ఆటో చార్జీలు

ఇక్కడ కిలోమీటరు లెక్కే మోసం చేస్తుంది. బస్సు చార్జీ స్టేజీలను బట్టి ఉంటుంది, దగ్గర దూరాలకు కిలోమీటరు చార్జీ ఎక్కువ, దూరం వెళ్తే తక్కువ. పైగా మన ఇంటి గుమ్మం బస్టాపు దగ్గర ఉండదు. అందుకని గుమ్మం నుంచి గుమ్మానికి అయిన ఖర్చు రాసి, దాన్ని బండి మీద వెళ్తే అయ్యే దూరంతో భాగించాను.

ఆఫీసు దూరం 9.5 కి.మీ. సిటీ బస్సు టికెట్ 25. ఇంటి నుంచి బందరు రోడ్డు దాకా షేర్ ఆటో 10. మొత్తం 35, కిలోమీటరుకు 3.68. బస్టాపు దాకా నడిస్తే 25 మాత్రమే, కిలోమీటరుకు 2.63.

యాప్‌లో పిలిచే ఆటోకు ఇదే దూరం మామూలు వేళల్లో 160 దాకా, కిలోమీటరుకు 17. వానలో ఇదే ప్రయాణానికి 230 చూపించింది. షేర్ ఆటోకు స్లిప్పు ఉండదు, దిగగానే ఫోనులో రాసుకోవడమే. ఆటో చార్జీలను యాప్‌లో చూపించిన అంచనాతో కాకుండా నిజంగా కట్టినవాటితోనే లెక్కించాను, రెండింటికీ పొంతన ఉండదు.

ఆడవాళ్లకు లెక్క పూర్తిగా వేరు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లె వెలుగు, అల్ట్రా పల్లె వెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర మహిళలకు టికెట్ డబ్బు లేదు, గుర్తింపు కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. అంతకుముందు మా ఆవిడను బెంజ్ సర్కిల్ దగ్గర దించి వెళ్లేవాణ్ని. ఒకే దారి కాబట్టి దానికి అదనంగా ఏమీ అయ్యేది కాదు, రెండు టికెట్లు మిగిలేవి. "ఏమండీ, నా కోసం అయితే బండి తీయొద్దు, నాకు బస్సే నయం" అంది సెప్టెంబరులో. నిజమే, తన వైపు నుంచి బండికి ఉన్న లాభం ఆ రోజుతో సున్నా అయింది.

## దశ 7: పోలిక

మొదట చేసిన పోలిక 4.93ను 3.68తో. బస్సు చవక అని తేలింది. కానీ అది సరైన పోలిక కాదు, ఎందుకంటే నేను బస్సెక్కిన రోజు ఇన్సూరెన్స్ ఆగదు, తరుగు ఆగదు. బండి ఉన్నన్నాళ్లు రోజువారీ పోలిక 3.28తోనే. ఆఫీసుకు ఒకవైపు బండి మీద 31 రూపాయలు, షేర్ ఆటో, బస్సు కలిపి 35, నడిచి బస్సెక్కితే 25.

ఇక బండి ఉంచుకోవాలా అన్నది. బండి మీద కిలోమీటరుకు 3.28, బస్సుకు 3.68. మిగిలేది 40 పైసలు. ఆ 40 పైసలతో ఏటా ఖర్చు 12,500 తీరాలంటే ఏడాదికి 31,250 కి.మీ. తిరగాలి. నేను తిరిగేది దానిలో పావు వంతు కూడా లేదు. ఆఫీసు ప్రయాణం కోసమే బండి కొనుక్కున్నామనే మాట, బస్సు దొరికే దారిలో ఉన్నవాళ్ల విషయంలో లెక్కకు నిలబడదు.

అదే ఆటో అయితే 17లో 3.28 పోను 13.72 మిగులుతుంది. 12,500ను దానితో భాగిస్తే 911 కి.మీ. ఏడాదికి 911 కిలోమీటర్లు, నెలకు 76, ఆటో ఎక్కాల్సిన ప్రయాణాలు బండి మీద జరిగితే చాలు, బండి తన ఖర్చు తాను తీర్చుకుంటుంది.

పటమట రైతు బజారు దీనికి మంచి ఉదాహరణ. రానుపోను 9 కి.మీ. బండి మీద 30 రూపాయల లోపు. వారానికి సరిపడా కూరల సంచులతో సిటీ బస్సులో నిలబడలేం, ఆటోలో అయితే రానుపోను 150 దాటుతుంది. రాత్రి పదకొండుకు రైల్వే స్టేషన్ నుంచి ఎవరినైనా తీసుకురావడం, ఆసుపత్రి, పెళ్లిళ్లు కూడా ఇలాంటివే.

అందుకని ఏప్రిల్ నుంచి ప్రతి ప్రయాణం పక్కన ఒక అక్షరం రాయడం మొదలుపెట్టాను. బండి లేకపోతే బస్సులో వెళ్లేవాణ్నయితే "బ", ఆటో తప్పనిదైతే "ఆ", నడిచి వెళ్లగలిగేదైతే "న". జనవరి నుంచి మార్చి దాకా ఉన్నవాటికి అదే నిష్పత్తి వేశాను. మొత్తం 7,580లో బ 5,300, ఆ 1,650, న 630 కి.మీ.

1. ఆ: 1,650 × 13.72 = 22,638 మిగులు
2. బ: 5,300 × 0.40 = 2,120 మిగులు
3. న: 630 × 3.28 = 2,066 దండగ
4. ఏటా ఖర్చు: 12,500

తేలింది: బండి వల్ల ఏడాదికి రూ. 10,192 లాభం

రెండో వరస, మూడో వరస ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. కిలోమీటర్లలో మూడింట రెండొంతులున్న ఆఫీసు ప్రయాణం నుంచి వచ్చిన మిగులు, వీధి చివర పాలకు, మందులకు బండి తీసినందుకే పోయింది. లాభమంతా నోట్‌బుక్కులో "ఆ" అని ఉన్న వరసల్లోంచే వచ్చింది.

## దశ 8: 2026లో మార్చినవి

బస్టాపు దాకా నడిచి, బ గుర్తున్న 5,300 కిలోమీటర్లూ బస్సులోనే తిరిగితే ఏమవుతుందో లెక్కేశాను. బండి 2,280 కి.మీ. మాత్రమే తిరుగుతుంది. దాని తిరుగుడు ఖర్చు 7,478, ఏటా ఖర్చు 12,500, బస్సు టికెట్లు 13,939. మొత్తం 33,917. ఇప్పుడయ్యే 37,360 కంటే 3,443 తక్కువ.

ఇక్కడ ఒకటి జాగ్రత్తగా చూడాలి. ఇలా చేస్తే బండి పూర్తి ఖర్చు కిలోమీటరుకు 4.93 నుంచి 8.76కు పెరుగుతుంది, ఎందుకంటే అదే 12,500 తక్కువ కిలోమీటర్ల మీద పడుతోంది. ఆ అంకె చూసి "బండి ఖరీదైపోయింది, ఇంకా ఎక్కువ తిప్పాలి" అనుకుంటే జేబు నుంచి ఎక్కువే పోతుంది. ఏడాది మొత్తం రూపాయలనే చూడాలి.

బస్సుకు గుమ్మం నుంచి గుమ్మానికి దాదాపు యాభై నిమిషాలు, బండికి అరగంట. ఆ ఇరవై నిమిషాలకు నేను రేటు కట్టలేదు. ఎవరి సమయం విలువ వాళ్లకు తెలుస్తుంది. ఏప్రిల్, మే ఎండల్లో మిట్టమధ్యాహ్నం స్టాపు దాకా నడవడం కుదరదు కాబట్టి ఆ రెండు నెలలు బండే. మిగతా నెలల్లో ఆఫీసుకు బస్సు. వీధి చివరి పనులకు నడక.

కొత్త పుస్తకంలో నెలాఖరుకు కూడేది "ఆ" కిలోమీటర్లనే. ఆటో రేటు కిలోమీటరుకు 14కు తగ్గితే 911 కాస్తా 1,166 అవుతుంది, అప్పుడు నెలకు 97 కావాలి. ఇప్పుడున్న రేట్లకు హద్దు 76. వరసగా ఆరు నెలలు అంతకంటే తగ్గితే, ఆగస్టు రెన్యువల్ కట్టేముందే బండిని అమ్మకానికి పెడతాను.